నెట్‌వర్కింగ్ గ్రూపు నుంచి మర్యాదగా బయటకు రావడం: అపోహలు - వాస్తవాలు

సొంతంగా పని చేసుకునే డిజైనర్లు, అకౌంటెంట్లు, ఆర్కిటెక్టులతో కూర్చుని, వాళ్ళకు పని ఎక్కడి నుంచి వస్తోందో లెక్క తీయడం నా వృత్తి. వాళ్ళలో చాలామంది ఏదో ఒక వారపు నెట్‌వర్కింగ్ గ్రూపులో ఉంటారు. ఒక్కో వృత్తికి ఒక్కరే సభ్యులు, వారానికోసారి మీటింగు, పని ఇచ్చే అవకాశమున్నవాళ్ళ పేర్లను ఒకరికొకరు రెఫరల్స్‌గా ఇచ్చుకోవడం, మీటింగుకు కొత్తవాళ్ళను పిలుచుకురావడం ఈ గ్రూపుల పద్ధతి. బాగా నడిచే గ్రూపులూ ఉన్నాయి. నాకు బాధ కలిగించేది, పని జరగడం లేదని తెలిసి కూడా ఏళ్ళ తరబడి అందులోనే ఉండిపోయేవాళ్ళను చూసినప్పుడు. వాళ్ళను కట్టిపడేసే నాలుగు నమ్మకాల గురించి ఇక్కడ చెబుతాను.

అపోహ: రెఫరల్స్ వస్తున్నాయంటే గ్రూపు పనిచేస్తున్నట్టే.

వాస్తవం: మీటింగులో చదివే సంఖ్య ఇచ్చిన రెఫరల్స్‌ది. మీకు కావలసింది డబ్బు చెల్లించిన క్లయింట్ల సంఖ్య. ఈ రెండింటి మధ్య ఎంత దూరం ఉంటుందో నా దగ్గరికి వచ్చిన ఒక గ్రాఫిక్ డిజైనర్ లెక్కలో చూడండి.

ఆవిడకు ఏడాదిలో 14 రెఫరల్స్ వచ్చాయి. వాటిలో ఫోన్ ఎత్తి మాట్లాడినవాళ్ళు 9 మంది, కొటేషన్ అడిగినవాళ్ళు నలుగురు, పని ఇచ్చినవాళ్ళు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు గ్రూపు సభ్యురాలే. మిగతా రెఫరల్స్‌లో ఎక్కువ భాగం, ప్రతి వారం ఏదో ఒకటి ఇవ్వాలన్న ఒత్తిడితో రాసిన పేర్లు. ఎలా తెలిసిందంటే, ఆవిడ ఫోన్ చేసినప్పుడు అవతలివాళ్ళు "నా నంబరు మీకు ఎవరిచ్చారు?" అని అడిగారు. నిజమైన రెఫరల్‌లో అవతలి మనిషి మీ ఫోన్ కోసం ఎదురుచూస్తూ ఉంటాడు.

ఇక సమయం. మీటింగుకు గంటన్నర, రానుపోను గంట, నెలకు నాలుగుసార్లు కలిపి పది గంటలు. సభ్యులతో విడివిడిగా నెలకు రెండు సమావేశాలకు మూడు గంటలు. కొత్తవాళ్ళను పిలవడానికి చేసే ఫోన్లకు రెండు గంటలు. నెలకు 15, ఏడాదికి 180 గంటలు. ఇద్దరు క్లయింట్ల కోసం అంటే ఒక్కొక్కరికి 90 గంటలన్నమాట.

ఆ ఏడాది ఆవిడకు వచ్చిన మొత్తం క్లయింట్లు 20 మంది. ఒక్కొక్కరి పేరు పక్కన "ఎవరి ద్వారా?" అని రాయించాను. పాత క్లయింట్ల మాట మీద వచ్చినవాళ్ళు 9 మంది. ఒక ప్రింటింగ్ ప్రెస్ యజమాని, ఒక వెబ్ డెవలపర్ కలిసి పంపినవాళ్ళు ఆరుగురు. ఆవిడ చేసిన పని ఎక్కడో చూసి వచ్చినవాళ్ళు ముగ్గురు. గ్రూపు ఇచ్చింది ఇద్దరిని. ఆ ప్రెస్ యజమానితో, డెవలపర్‌తో ఆవిడ గడిపే సమయం ఇద్దరికీ కలిపి నెలకు గంట కూడా లేదు. కాగితం మీద అది చూసుకుని ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు.

ఒక జాగ్రత్త. చేరి ఆరు నెలలు కాకపోతే ఈ లెక్కతో తీర్పు ఇవ్వకండి, నమ్మకం కుదరడానికి సమయం పడుతుంది. ఆర్కిటెక్టుల్లాగా ఒక్క పని కుదరడానికే నెలలు పట్టే వృత్తి మీదైతే, క్లయింట్లను కాకుండా గట్టిగా విచారించినవాళ్ళను లెక్కపెట్టండి.

అపోహ: ఏడాది ఫీజు కట్టేశాను, అది పూర్తయ్యేదాకా వెళ్ళాల్సిందే.

వాస్తవం: వెళ్ళినా మానినా ఆ డబ్బు తిరిగి రాదు. ఇంకా మీ చేతిలో ఉన్నది మిగిలిన నెలల సమయం. ఏడాదిలో మూడు నెలలు మిగిలి ఉంటే, పైన చెప్పిన లెక్క ప్రకారం అది 45 గంటలు. ఇక్కడ చూసుకోవలసిన తేదీ ఒక్కటే: రెన్యువల్ గడువు. మానుతున్నట్టు ఎన్ని రోజుల ముందు చెప్పాలో నిబంధనల్లో చదివి పెట్టుకోండి.

అపోహ: మానేస్తే మొహమాటం, సంబంధాలు చెడిపోతాయి. అందుకే మెల్లగా వెళ్ళడం తగ్గిస్తే సరిపోతుంది.

వాస్తవం: సంబంధాలు చెడేది చెప్పకుండా మాయమైనప్పుడే. మీ వృత్తికి ఉన్న ఒక్క కుర్చీ మీ పేరు మీదే ఉంటుంది కాబట్టి గ్రూపు ఇంకొకరిని తీసుకోలేదు. ఖాళీ కుర్చీని చూసి వాళ్ళు రకరకాలుగా ఊహించుకుంటారు.

నేను చెప్పే వరుస ఇది. ముందు చేతిలో ఉన్నవి పూర్తి చేయండి. మీకు రెఫరల్ ఇచ్చినవాళ్ళకు అది ఏమైందో చెప్పండి. మీరు కోశాధికారో, ఇంకో బాధ్యతలోనో ఉంటే లెక్కలు అప్పగించే తేదీ ఖాయం చేసుకోండి. తర్వాత కోఆర్డినేటర్‌కు ఫోన్ చేసి, అందరికంటే ముందు ఆయనకే చెప్పండి. అదే రోజు రాతపూర్వకంగా పంపండి. ఆ డిజైనర్ పంపినది ఇలా ఉంది:

"నమస్కారమండీ. ఫోన్‌లో చెప్పినట్టు, ఈ రెన్యువల్‌తో నా సభ్యత్వం ముగించుకుంటున్నాను. ఈ ఏడాది నా సమయాన్ని పాత క్లయింట్ల పనికి కేటాయించాలని నిర్ణయించుకున్నాను. నెలాఖరు వరకు మీటింగులకు వస్తాను. డిజైనర్ స్థానం ఖాళీ అవుతుంది కాబట్టి మీరు కొత్తవారిని చూసుకోవచ్చు. ఇన్నాళ్ళూ మీరు, సభ్యులు చూపిన ఆదరణకు కృతజ్ఞతలు."

"సమయం కుదరడం లేదు" అని మాత్రం రాయకండి. అలా అంటే "మీ బదులు ఎవరినైనా పంపండి", "రెండు నెలలు సెలవు తీసుకోండి" అంటారు, మీరు మళ్ళీ మొదటికే వస్తారు. కారణం ఒక నిర్ణయంగా ఉండాలి. బతిమాలితే, "ఆలోచించే తీసుకున్నానండీ, మారదు" అని అదే మాట రెండోసారి నెమ్మదిగా చెప్పండి. గ్రూపులో లోపాలుంటే, అడిగితేనే, కోఆర్డినేటర్ ఒక్కరికే చెప్పండి. అందరూ చూసే వాట్సాప్‌లో వద్దు. అక్కడ ఉండేవాళ్ళకు ఆ గ్రూపు ఇంకా అవసరమే.

చివరగా, నిజంగా మీ పని తెలిసిన ఇద్దరు ముగ్గురు సభ్యులకు విడిగా ఫోన్ చేయండి. మీరు కాపాడుకోవలసిన సంబంధాలు అవే.

అపోహ: ఇది మానేస్తే ఇంకో గ్రూపు వెతుక్కోవాలి.

వాస్తవం: మళ్ళీ మళ్ళీ అవే ముఖాలు కలిసే చోట కొత్త సమాచారం త్వరగానే అయిపోతుంది. సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన పరిశోధనలో, పరిచయస్థుల ద్వారా కొత్త ఉద్యోగం దొరికినవాళ్ళను "ఆ మనిషిని ఎంత తరచుగా కలిసేవారు?" అని అడిగాడు. వారానికి రెండుసార్లయినా కలిసేవాళ్ళమన్నది సుమారు 17 శాతమే. అప్పుడప్పుడు అన్నవాళ్ళు 56 శాతం, అరుదుగా అన్నవాళ్ళు 28 శాతం. అది చిన్న అధ్యయనం, ఉద్యోగాల గురించినది. అయినా క్లయింట్ల విషయంలో నేను రోజూ చూస్తున్నది కూడా అలాగే ఉంది. అప్పుడప్పుడు పలకరించే పాత క్లయింటు మనం అడుగుపెట్టని చోట తిరుగుతుంటాడు.

అందుకే ఆవిడ 15 గంటలను ఇలా పంచాం. నెలకు నాలుగు గంటలు పాత క్లయింట్లకు: వారానికి ఇద్దరికి ఫోన్, పని అడగడానికి కాదు, చేసిచ్చిన డిజైన్ ఎలా ఉపయోగపడుతోందో తెలుసుకోవడానికి. మూడు గంటలు ఆ ప్రెస్ యజమానికి, డెవలపర్‌కు, అలాంటి మరో ఇద్దరిని వెతకడానికి. అలాంటివాళ్ళు అంటే, క్లయింటుకు డిజైనర్ అవసరం పడే క్షణంలో పక్కనే ఉండేవాళ్ళు. మిగిలిన ఎనిమిది గంటలు ఆవిడ సొంత పనికి.

ఆరు నెలల తర్వాత మళ్ళీ అదే జాబితా రాయించాను. కొత్తగా వచ్చిన 12 మందిలో ఏడుగురు పాత క్లయింట్ల ద్వారా, నలుగురు ప్రెస్, డెవలపర్ల ద్వారా వచ్చారు. మిగిలిన ఒక్కరిని పంపింది, బయటకు వచ్చేటప్పుడు ఆవిడ విడిగా ఫోన్ చేసిన ఆ గ్రూపు సభ్యుల్లో ఒకరు.