తలలు మార్చిన పెళ్లి ఫొటో: అపోహలు - వాస్తవాలు

అపోహ: జేపెగ్‌ని క్వాలిటీ 12లో సేవ్ చేస్తే ఏమీ పోదు.

పోతుంది. ఆల్బమ్ ఎడిటింగ్‌లో ఈ మాట విన్నంతగా ఇంకేదీ వినలేదు. ఫొటోషాప్‌లో 12 అంటే నష్టం తక్కువని మాత్రమే. జేపెగ్ ఫొటోని 8×8 పిక్సెళ్ల గడులుగా విడదీసి, ఒక్కో గడిలో సన్నటి వివరాలను సుమారుగా సర్దేస్తుంది. ఫైల్ తెరిచి చూసినా, కాపీ చేసినా ఏమీ కాదు. ఎడిట్ చేసి మళ్లీ సేవ్ చేసినప్పుడే నష్టం పెరుగుతుంది.

ఒక స్టూడియో నుంచి గ్రూప్ ఫొటో వచ్చింది. మేనత్త కళ్లు మూసుకుందని పక్క ఫ్రేమ్‌లోని తల తెచ్చి పెట్టారు. తర్వాత పెళ్లికొడుకు తమ్ముడి తల, ఆ తర్వాత వెనక నీలం తెర మార్చారు. ప్రతిసారీ కిందటి జేపెగ్‌నే తెరిచారు. 200 శాతం జూమ్ చేస్తే కాసులపేరు అంచుల చుట్టూ నలకలు, అతికించిన మెడ దగ్గర గడులు. పెళ్లికూతురి అమ్మగారు ఫోన్‌లో ఏడ్చినంత పని చేశారు. ఆవిడ టెన్షన్‌లో న్యాయముంది, ఆ పెళ్లి మళ్లీ జరగదు కదా. అదృష్టం కొద్దీ కెమెరా నుంచి నేరుగా వచ్చిన రా ఫైళ్లు హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయి, మొదటి నుంచి చేశాం.

పద్ధతి ఇది. రా ఫైల్‌ని 16 బిట్‌లో తెరవండి. ప్రతి తలా వేరే లేయర్, దానికో మాస్క్. పీఎస్‌డీగా గానీ, ఎల్‌జడ్‌డబ్ల్యూ కంప్రెషన్ పెట్టిన టిఫ్‌గా గానీ సేవ్ చేయండి. ఎన్ని మార్పులొచ్చినా ఆ ఫైల్‌లోనే చేయండి. ల్యాబ్‌కి పంపే జేపెగ్‌ని ప్రతిసారీ దాన్నుంచే కొత్తగా తీయండి.

అపోహ: పాడైన జేపెగ్‌ని పీఎన్‌జీ చేస్తే బాగవుతుంది.

బాగవదు. ఉన్న మచ్చలు అలాగే భద్రంగా ఉంటాయి. చేతిలో జేపెగ్ ఒక్కటే ఉంటే, మొదటి ఎడిట్‌కి ముందే పీఎస్‌డీ చేసుకోండి.

అపోహ: పీఎన్‌జీలా వివరాలేవీ పోని లాస్‌లెస్‌లో సేవ్ చేస్తే రంగుల చారలు రావు.

ఒక్కో రంగుకి 256 స్థాయిలే ఉండే 8 బిట్ పీఎన్‌జీలోనూ వస్తాయి. ఆ నీలం తెరలో వెలుగు 2000 పిక్సెళ్ల దూరంలో 60 నుంచి 80కి పెరిగిందనుకోండి. మధ్యలో 20 మెట్లే, ఒక్కోటి వంద పిక్సెళ్ల వెడల్పు. కర్వ్స్‌తో తేడాను రెట్టింపు చేస్తే మెట్లు పెరగవు, ఒక్కోటి రెండింతల ఎత్తు అవుతుంది. అదే చారగా కనిపిస్తుంది. 14 బిట్ రాలో ఒక్కో రంగుకి 16,384 స్థాయిలుంటాయి కాబట్టి ఆ సవరణను తట్టుకుంటుంది. 8 బిట్ ఫైలే ఉంటే బ్లర్, గ్రేడియంట్ వేయకముందే `Image > Mode > 16 Bits/Channel` చేయండి. ఉన్న చారలు పోవు, కొత్తవి తగ్గుతాయి. ఉన్నవాటి మీద కొద్దిగా నాయిస్ వేస్తే ప్రింట్‌లో అంతగా తెలియవు.

వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే మళ్లీ కుదించేస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి.