ఎర్రర్లు నార్మల్‌గా లేకపోతే ‘బ్లూ’ పోతుందా? అపోహలు – వాస్తవాలు

మొన్న రాత్రి పదిన్నరకి ఒక పీహెచ్‌డీ అమ్మాయి ఫోన్. “సర్, నార్మాలిటీ ఫెయిల్ అయింది, నా రిగ్రెషన్ ఇంక బ్లూ కాదట, మా గైడ్ డేటా క్లీన్ చేయమన్నారు.” గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ. బ్లూ అంటే బెస్ట్ లీనియర్ అన్‌బయాస్డ్ ఎస్టిమేటర్: డేటాకి వెయిట్లిచ్చి కలిపే, సగటున సరిగ్గా చూపించే అంచనాల్లో వేరియన్స్ అన్నిటికంటే తక్కువున్నది. ఎంతవరకు క్లీన్ చేశారమ్మా అనడిగితే, 140 మంది రైతుల్లో 17 మందిని తీసేసిందట. తీసేసి, నార్మాలిటీని పరీక్షించే షపీరో–విల్క్ టెస్ట్ మళ్లీ నడిపితే మళ్లీ ఫెయిల్, ఇంకెంతమందిని తీయాలో చెప్పమని అడుగుతోంది.

ఇలాంటి ఫోన్ నాకు ఏడాదికి నాలుగైదు వస్తాయి. అందుకే ఒకసారి రాసి పెడుతున్నా.

అపోహ: ఎర్రర్లు నార్మల్‌గా ఉంటేనే ఓఎల్ఎస్, అంటే మామూలు లీస్ట్ స్క్వేర్స్ రిగ్రెషన్, బ్లూ అవుతుంది.

కాదు. ఓఎల్ఎస్ బ్లూ అని చెప్పేది గాస్–మార్కోవ్ సిద్ధాంతం, అందులో నార్మల్ అనే మాటే లేదు. గాస్ 1809లో గంట ఆకారపు నార్మల్ వక్రరేఖతోనే మొదలుపెట్టాడు, నిజమే. కానీ 1821–23లో అదే విషయానికి తిరిగొచ్చి, ఆ ఊతకర్ర లేకుండానే రుజువు చేశాడు. రెండు వందల ఏళ్లయింది, మనం ఇంకా ఆ కర్ర పట్టుకునే వేలాడుతున్నాం.

ఎందుకు అక్కర్లేదో చూడండి. ఒక ధాన్యం బస్తాని ఒకే రకం కాటాలు రెండింటి మీద తూచాం. కాటాలు సగటున సరిగ్గానే చూపిస్తాయి, ఒక్కోసారి కాస్త ఎక్కువ, ఒక్కోసారి కాస్త తక్కువ. (దళారీ కాటా అనుకునేరు, అది ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది, అంటే బయాస్డ్.) రెండు రీడింగులకీ వెయిట్లు ఇచ్చి కలుపుదాం: మొదటిదానికి w, రెండోదానికి 1−w. వెయిట్ల మొత్తం 1 కాబట్టి అంచనా అన్‌బయాస్డ్. దాని వేరియన్స్ ఇది:

```
w²σ² + (1−w)²σ²
```

w = 0.7 పెడితే 0.58σ² వస్తుంది. సగం సగం పెడితే 0.5σ², అంతకంటే తగ్గదు. ఇందులో మనం వాడుకున్నవి మూడే: ఎర్రర్ల సగటు సున్నా, రెంటికీ వేరియన్స్ సమానం, ఒకదానికొకటి కోరిలేషన్ లేదు (ఉంటే మధ్యలో ఇంకో టర్మ్ వచ్చేది). ఎర్రర్ ఏ ఆకారంలో ఉందని ఎక్కడైనా అడిగామా? బొమ్మా బొరుసూ వేసి సరిగ్గా కేజీ ఎక్కువో కేజీ తక్కువో చూపించే పిచ్చి కాటా అయినా లెక్క ఇదే. రిగ్రెషన్‌లో ఇదే లెక్క మాట్రిక్స్‌ల వేషం వేసుకుంటుంది, అంతే.

అసలు నష్టం ఆ అమ్మాయి 17 మందిని తీసేయడం వల్లే. వాళ్లంతా దిగుబడి బాగా ఎక్కువ వచ్చిన రైతులు, వాళ్ల రెసిడ్యువల్స్, అంటే అసలు దిగుబడికీ మోడల్ అంచనాకీ తేడాలు, అన్నీ పైవైపువే. ఒకవైపు ఎర్రర్లని ఏరి పారేస్తే మిగిలినవాటి సగటు సున్నా కాదు, అన్‌బయాస్డ్ అనేది అక్కడే పోతుంది. పైగా మిగిలిన డేటాలో చెల్లాచెదురు తగ్గి స్టాండర్డ్ ఎర్రర్లు చిన్నవైపోతాయి, పి వాల్యూలు ముచ్చటగా కనిపిస్తాయి. అక్కర్లేని షరతు కోసం అవసరమైన షరతుని చేతులారా పోగొట్టుకుంది పాపం.

ఆ 17 మందినీ వెనక్కి పెట్టించి, మోడల్‌ని m పేరుతో మళ్లీ ఫిట్ చేయించి, R లో ఈ ఒక్క లైన్ నడపమన్నా:

```
plot(fitted(m), resid(m))
```

వాట్సాప్‌లో బొమ్మ వచ్చింది. ఎడమవైపు సన్నగా మొదలై కుడికి పోయేకొద్దీ వెడల్పవుతోంది, చేటలాగా. ఎకరం రైతు దిగుబడిలో హెచ్చుతగ్గులు ఎంతని ఉంటాయి? ఇరవై ఎకరాలాయన మొత్తం దిగుబడిలో చాలా ఉంటాయి. జబ్బు నార్మాలిటీది కాదు, వేరియన్స్‌ది. షపీరో టెస్ట్ మోగించిన గంట కూడా చాలావరకు దీనివల్లే.

ఇది మాత్రం బ్లూకి నిజంగా తగులుతుంది. మళ్లీ కాటాల దగ్గరికి రండి. ఈసారి ఒకదాని ఎస్‌డీ 1 కేజీ, రెండోదానిది 3 కేజీలు. మామూలు సగటు వేరియన్స్ (1+9)/4, అంటే 2.5. మంచి కాటా ఒక్కదాన్నే నమ్ముకున్నా 1! రెండోసారి తూచినందుకు నష్టపోయాం. అదే 0.9, 0.1 వెయిట్లు ఇస్తే 0.81 + 0.09 = 0.9. సగటు అన్‌బయాస్డే, కానీ బెస్ట్ కాదు. బెస్ట్ అనేది వెయిటెడ్ లీస్ట్ స్క్వేర్స్‌కి పోయింది.

వెయిట్లు తెలియనప్పుడు రోబస్ట్ స్టాండర్డ్ ఎర్రర్లు వాడండి. అవి బ్లూని తిరిగి తేవు, కోఎఫిషియంట్లు అవే ఉంటాయి, వాటి పక్కన రాసే స్టాండర్డ్ ఎర్రర్ నమ్మదగ్గదవుతుంది. ఆ అమ్మాయి థీసిస్‌కి అది చాలు.

మరి నార్మాలిటీ ఎందుకూ పనికిరాదా అంటే, శాంపిల్ చిన్నదైతే, 15 మందో 20 మందో, టి, ఎఫ్ టెస్టులు కచ్చితంగా పనిచేయడానికి కావాలి. ఒక కొత్త రైతు దిగుబడికి ప్రిడిక్షన్ ఇంటర్వల్ ఇవ్వాలన్నా ఎర్రర్ల ఆకారం లెక్కలోకొస్తుంది, అక్కడ శాంపిల్ పెద్దదైనా తప్పించుకోలేం. కోఎఫిషియంట్ల టెస్టులకైతే 140 మంది దగ్గర సెంట్రల్ లిమిట్ థీరమ్ సాధారణంగా ఆ భారం మోస్తుంది.

అపోహ: బ్లూ అంటే అన్నిటికంటే బెస్ట్.

లీనియర్, అన్‌బయాస్డ్ అంచనాల్లో మాత్రమే బెస్ట్. వీధిలో ఫస్ట్ వచ్చినంత మాత్రాన జిల్లా ఫస్ట్ కాదు. ఎర్రర్లు లాప్లాస్ తరహాలో ఉంటే, శాంపిల్ పెద్దదైనప్పుడు మీడియన్ వేరియన్స్ సగటుదాంట్లో దాదాపు సగమే. అయినా అక్కడ బ్లూ సగటే, ఎందుకంటే మీడియన్ లీనియర్ కాదు, పోటీలోనే లేదు. నార్మాలిటీ చేర్చితే మాత్రం ఓఎల్ఎస్ లీనియర్ కానివాటితో సహా అన్‌బయాస్డ్ అంచనాలన్నిట్లోనూ బెస్ట్ అవుతుంది. గందరగోళం ఇక్కడే పుట్టిందని నా అనుమానం.

మిగతావి గబగబా. లీనియర్ అంటే గీత తిన్నగా ఉండాలని కాదు, అంచనా y విలువల లీనియర్ కాంబినేషన్ అవ్వాలని. X² పెట్టుకోండి, ఎవరూ కొట్టరు. Y నార్మల్‌గా ఉందా అని హిస్టోగ్రామ్ గీయడం దండగ. మల్టీకొలీనియారిటీ ఎక్కువైతే స్టాండర్డ్ ఎర్రర్లు పెరుగుతాయి, బ్లూ పోదు. పూర్తిగా ఉంటే కోఎఫిషియంట్లు విడివిడిగా దొరకవు, అప్పుడు కూడా దొరికే కాంబినేషన్లు వేరే ఉంటాయి. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో మ్యాథ్స్ చదివిన మన సి.ఆర్.రావుగారి జనరలైజ్డ్ ఇన్వర్స్ ఆ సందర్భానికే పనికొస్తుంది.

అపోహ: రెసిడ్యువల్స్ సగటు సున్నా వచ్చింది, కాబట్టి షరతు పాస్.

ఇది వింటే నాకు నిజంగా ఓపిక పోతుంది. మోడల్‌లో ఇంటర్‌సెప్ట్ ఉంటే రెసిడ్యువల్స్ మొత్తం ఎప్పుడూ సున్నాయే, ఓఎల్ఎస్ లెక్కే అలా కట్టింది. X తో కోరిలేషన్ కూడా సున్నాయే వస్తుంది. మోడల్ ఎంత దరిద్రంగా ఉన్నా ఇంతే. అసలు షరతు మనకి కనపడని ఎర్రర్ల గురించి: X ఎంతున్నా ఎర్రర్ సగటు సున్నా ఉండాలి. ఎరువు ఎక్కువేసిన రైతుకే బోరు కూడా ఉండి, బోరు మోడల్‌లో లేకపోతే, ఆ నీళ్ల ఫలితమంతా ఎరువు ఖాతాలో పడుతుంది. ఏ రెసిడ్యువల్ ప్లాటూ దాన్ని పట్టివ్వదు.

ఆ అమ్మాయిని అదే అడిగా, నీటి వసతి కాలమ్ ఉందా అని. కాసేపు మౌనం. “ప్రశ్నావళిలో అడిగాను సర్, ఎంట్రీ చేయలేదు.” 140 ఫారాలూ అటక మీద ఉన్నాయట.