మలబద్ధకం ఏళ్ళ తరబడి తగ్గట్లేదా? గోధుమ, పాల గురించి అపోహలు - వాస్తవాలు

నేను పొట్ట, పేగుల డాక్టర్ని. ఓపీలో రోజూ వినే మాట ఒకటుంది, "మేడం, మోషన్ ఫ్రీగా అవ్వట్లేదు, పొట్ట రాయిలా బిగుసుకుపోతోంది" అని. ఎక్కువమందిలో కారణం మామూలుదే. నీళ్ళు, పీచు తక్కువవడం, రోజంతా కూర్చుని ఉండటం, థైరాయిడ్, లేదా వాడుతున్న ఏదో ఒక మందు. అవి సరిచేస్తే తగ్గిపోతుంది. కానీ అన్నీ చేసినా తగ్గని కొంతమందిలో వెతికితే గోధుమ వల్ల పేగు దెబ్బతినే సీలియాక్ జబ్బో, పాలు పడకపోవడమో బయటపడుతుంది, ఒక్కోసారి రెండూ కలిసి ఉంటాయి. అలాంటి ఒకావిడ కేసు చెప్తూ అపోహలు ఒక్కొక్కటిగా మాట్లాడతాను, ఆవిడెవరో తెలియకుండా వివరాలు కొన్ని మార్చాను.

ఆవిడకి 38 ఏళ్ళు, స్కూల్లో టీచర్. ఐదేళ్ళుగా మూడు రోజులకోసారి మోషన్, అదీ చాలాసేపు ముక్కితే గానీ రాదు. పొద్దున బాగానే కట్టుకున్న చీర సాయంత్రానికి నడుం దగ్గర బిగుసుకుపోయి, స్టాఫ్ రూమ్‌లోకి వెళ్ళి వదులు చేసుకుని మళ్ళీ కట్టుకునేదాన్ని అని చెప్పింది. హిమోగ్లోబిన్ 8.4. రెండేళ్ళుగా ఐరన్ మాత్రలు వాడుతోంది, పెరిగినట్టే పెరిగి మానగానే పడిపోతోంది. రాత్రిళ్ళు అన్నం మానేసి చపాతీ తినబట్టి ఆరేళ్ళు, షుగర్ బార్డర్‌లో ఉందన్నారని. పడుకునే ముందు గ్లాసుడు వేడి పాలలో రెండు చెంచాల ఇసబ్గోల్.

అపోహ: సీలియాక్ అంటే విరేచనాలు పట్టుకుని బక్కచిక్కిపోయే చిన్నపిల్లల జబ్బు.

వాస్తవం: పిల్లల్లో అలా కనిపించడం నిజమే. పెద్దవాళ్ళలో మాత్రం చాలామందికి విరేచనాలే ఉండవు. కొందరికి కడుపుబ్బరం, కొందరికి మలబద్ధకం, కొందరికి పొట్టలో ఏ ఇబ్బందీ లేకుండా ఒట్టి రక్తహీనతే, బరువు కూడా మామూలుగానో ఎక్కువగానో ఉండొచ్చు. ఇది అలర్జీ కాదు. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ లోపలికి వెళ్ళగానే ఈ జబ్బు ఉన్నవాళ్ళ రోగనిరోధక శక్తి పొరపాటున వాళ్ళ చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. చిన్నపేగు లోపలి గోడ తువ్వాలు మీద పోగుల్లా సన్నని వేళ్ళతో నిండి ఉంటుంది, తిన్నది ఒంటికి పట్టేది వాటి ద్వారానే, ఆ పోగులు అరిగిపోయి గోడ నున్నగా అయిపోతుంది. దాంతోపాటు కొంతమందిలో పేగు కదలిక కూడా మందగిస్తుంది, తిన్నది ముందుకి జరగడానికి మామూలు కన్నా ఎక్కువ టైం పడుతుంది, మలబద్ధకం అక్కడే మొదలవుతుంది.

అపోహ: అది ఉత్తరాది వాళ్ళకి వచ్చే జబ్బు, అన్నం తినే మనకి రాదు.

వాస్తవం: మన దగ్గర తక్కువ అన్న మాట కరెక్టే, దాన్ని నేను కాదనను. దేశంలో మూడు ప్రాంతాల్లో పెద్దవాళ్ళకి పరీక్షలు చేసి 2016లో ప్రచురించిన సర్వేలో ఉత్తరాదిన 1.23 శాతం మందికి, దక్షిణాదిన 0.10 శాతం మందికి రక్తంలో ఈ జబ్బు యాంటీబాడీలు ఉన్నాయని తేలింది. అయితే అదే సర్వేలో ఈ జబ్బుకి తోడయ్యే జన్యువులు రెండు చోట్లా ఇంచుమించు సమానంగానే కనిపించాయి. పెద్ద తేడా కనిపించింది గోధుమ వాడకంలో, ఉత్తరాదిన రోజుకి 455 గ్రాములైతే దక్షిణాదిన 25 గ్రాములే. అంటే జన్యువులు మనలోనూ ఉన్నాయి, గోధుమే తక్కువ తిన్నాం. ఇప్పుడు షుగర్ అనో బరువు అనో రెండు పూటలా చపాతీ, పొద్దున బొంబాయి రవ్వ ఉప్మా, సాయంత్రం బిస్కెట్లు తినే ఇళ్ళు ఎన్నో. అందుకే "మనకి రాదులే" అని ముందే కొట్టిపారేయకూడదు అంటాను.

అలాగని మలబద్ధకం ఉన్న ప్రతి ఒక్కరికీ సీలియాక్ టెస్ట్ రాయను. దాంతోపాటు కారణం తెలియని ఐరన్ లోపం, చిన్న వయసులోనే ఎముకలు బలహీనపడటం, టైప్ 1 షుగర్, యాంటీబాడీల వల్ల వచ్చిన థైరాయిడ్, ఇంట్లో ఇంకొకరికి సీలియాక్, వీటిలో ఏదైనా ఉంటే రాస్తాను.

అపోహ: ఐరన్ మాత్రల వల్లే మలబద్ధకం, మానేస్తే పోతుంది.

వాస్తవం: ఐరన్ మాత్రలతో మోషన్ గట్టిపడటం, నల్లగా రావడం నిజమే, అందుకే ఇక్కడ దారి తప్పుతాం. ఐరన్ ఒంటికి పట్టేది ముఖ్యంగా చిన్నపేగు మొదటి భాగంలో, సీలియాక్ ఎక్కువగా పాడుచేసేదీ అదే భాగం. మాత్ర వేసినా లోపలికి సరిగ్గా పట్టదు, హిమోగ్లోబిన్ పెరిగి నిలవదు, డోసు పెంచుతారు, మలబద్ధకం ఇంకా ఎక్కువవుతుంది, నెపం మాత్ర మీదకి పోతుంది. ఈవిడ విషయంలో జరిగింది అదే. నేను అడిగింది ఒక్కటే, "అమ్మా, ఐరన్ మొదలుపెట్టకముందు మోషన్ ఎలా ఉండేది?" అని. కాసేపు ఆలోచించి "అప్పటికి మూడేళ్ళ నుంచే ఇబ్బంది ఉంది మేడం" అంది. మలబద్ధకం ముందు వచ్చింది, మాత్రలు తర్వాత వచ్చాయి. నెలసరి రక్తస్రావం కూడా ఎక్కువ లేదు, మరి ఐరన్ ఎటు పోతున్నట్టు? అక్కడే నాకు అనుమానం మొదలైంది.

అపోహ: ఎండోస్కోపీ చేశారు, అంతా బాగానే ఉందన్నారు, కాబట్టి పేగు బాగున్నట్టే.

వాస్తవం: ఈవిడకీ రెండేళ్ళ కిందట ఒక చోట ఎండోస్కోపీ చేశారు. రిపోర్టులో కొద్దిగా గ్యాస్ట్రైటిస్ అని ఉంది, పరీక్షకి పేగు ముక్క తీసినట్టు మాత్రం ఎక్కడా లేదు. సీలియాక్‌లో చాలాసార్లు కెమెరాకి పేగు మామూలుగానే కనిపిస్తుంది. చిన్నపేగు మొదటి భాగం నుంచి చిన్న చిన్న ముక్కలు, ఒకటి కాదు కనీసం నాలుగైదు, తీసి మైక్రోస్కోప్ కింద చూస్తేనే తెలుస్తుంది, ఎందుకంటే జబ్బు ఒక చోట ఉండి పక్కనే లేకపోవచ్చు.

దానికన్నా ముందు రక్తపరీక్ష. సీలియాక్‌లో తయారయ్యే యాంటీబాడీలని కొలిచే టిటిజి ఐజీఏ అని ఒకటి, దానితోపాటు టోటల్ ఐజీఏ కూడా చేయించాలి. కొంతమంది ఒంట్లో ఐజీఏ అనే రకం యాంటీబాడీలే పుట్టుకతో తక్కువ, వాళ్ళకి జబ్బు ఉన్నా మొదటి టెస్ట్ నెగెటివ్ వస్తుంది. ఈవిడకి టిటిజి నార్మల్ లిమిట్ కన్నా పది రెట్ల పైనే వచ్చింది, బయాప్సీలో పోగులు బాగా అరిగిపోయి ఉన్నాయి.

అపోహ: టెస్టులెందుకు, గోధుమ మానేసి చూస్తే సరిపోతుందిగా.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. గోధుమ మానేస్తే యాంటీబాడీలు మెల్లగా తగ్గిపోతాయి, పేగు మానడం మొదలవుతుంది, ఆ తర్వాత టెస్ట్ చేస్తే జబ్బు ఉన్నా నెగెటివ్ రావచ్చు. అప్పుడు మళ్ళీ రోజుకి రెండు పూటలా గోధుమ తినిపిస్తూ ఆరు వారాలు ఆగి టెస్ట్ చేయాల్సి వస్తుంది, పడని మనిషికి ఆ ఆరు వారాలు నరకం. ఇంకో సంగతి, చపాతీ మానేయగానే ఉబ్బరం తగ్గిందంటే సీలియాక్ అనుకోనక్కర్లేదు. గోధుమలో గ్లూటెన్ ఒక్కటే కాదు, పేగులో పులిసి గ్యాస్ చేసే పిండిపదార్థాలు కూడా ఉంటాయి, పేగు దెబ్బతినకుండానే పొట్టనొప్పి, ఉబ్బరం పెట్టే ఐబీఎస్ ఉన్నవాళ్ళకి అవే పడవు. వాళ్ళు కాస్త తగ్గించుకుంటే చాలు. సీలియాక్ అయితే జీవితాంతం పూర్తిగా మానాలి. అందుకే ముందు టెస్ట్, తర్వాత మానడం.

అపోహ: పడుకునే ముందు పాలు తాగితే పొద్దున్నే మోషన్ ఫ్రీగా అవుతుంది.

వాస్తవం: పాలు పడేవాళ్ళకి ఇబ్బందేం లేదు. కానీ పాలలోని లాక్టోస్ అనే చక్కెరని విడగొట్టే ఎంజైమ్ దక్షిణాదిలో చాలామందికి పసితనం దాటాక తగ్గిపోతుంది. అరగని లాక్టోస్ పెద్దపేగులోకి దిగి అక్కడి సూక్ష్మజీవులకి ఆహారమై గ్యాస్ తయారవుతుంది. ఎక్కువమందికి దీంతో మోషన్ పలచబడుతుంది, అందుకే "పాలు తాగితే ఫ్రీ అవుతుంది" అన్న మాట పుట్టి ఉంటుంది. కొంతమంది పేగుల్లో మాత్రం మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులు ఎక్కువ, మీథేన్ పేగు కదలికని నెమ్మదింపజేస్తుంది, వాళ్ళకి పొట్ట ఉబ్బుతుంది, మోషన్ మాత్రం రాదు. అలాంటివాళ్ళు మలబద్ధకానికి మందుని గ్లాసుడు పాలలో కలుపుకుని తాగితే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో లాక్కున్నట్టే. ఇసబ్గోల్ నీళ్ళలో కలుపుకోండి, వెంటనే ఇంకో గ్లాసు నీళ్ళు తాగండి.

దేశవాళీ ఆవు పాలైతే పడతాయి అని చాలామంది అంటారు. ఆవుదైనా గేదెదైనా లాక్టోస్ ఇంచుమించు అంతే, గ్లాసుకి పది గ్రాముల దాకా, మరిగించినా పోదు. పెరుగు సంగతి వేరు, తోడుపెట్టినప్పుడు కొంత లాక్టోస్ ఖర్చవుతుంది, మిగిలినదాన్ని అరిగించడానికి పెరుగులోని బాక్టీరియానే సాయం చేస్తుంది. నెయ్యిలో లాక్టోస్ దాదాపు ఉండదు. కాఫీలో పడే కాసిని పాలు చాలామందికి ఏమీ చేయవు. పాలు పడతాయో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు, రెండు వారాలు పాలు, పాలపొడి, కోవా స్వీట్లు మొత్తం ఆపి, ఏ రోజు మోషన్ ఎలా అయిందో, పొట్ట ఎలా ఉందో కాగితం మీద రాసుకుని, తర్వాత ఒక రోజు గ్లాసుడు పాలు తాగి చూడటమే. ఆసుపత్రిలో అయితే ఊపిరిలోని వాయువులని కొలిచే బ్రీత్ టెస్ట్ ఉంటుంది, హైడ్రోజన్‌తో పాటు మీథేన్ కూడా కొలిచే మెషీన్ అయితే మంచిది.

ఈవిడకి పాలు కూడా పడట్లేదు. లాక్టోస్‌ని విడగొట్టే ఎంజైమ్ ఉండేది అరిగిపోయిన ఆ పోగుల కొసల్లోనే కదా, పోగులు పోతే ఎంజైమూ పోతుంది. పేగు మానితే ఈ రకం ఇబ్బంది చాలామందిలో తగ్గుతుంది, అందుకే "పాలు జన్మలో ముట్టకండి" అనలేదు, ఆరు నెలలు ఆపమన్నాను. ఆ ఆరు నెలలూ కాల్షియం కోసం పెరుగు, రాగి జావ, నువ్వులు.

గ్లూటెన్ మానిన మొదటి నెల మలబద్ధకం ఇంకాస్త పెరిగింది, ఆవిడ భయపడిపోయింది. చపాతీలో ఉండే పీచు పోయి తెల్లన్నమే మిగిలింది మరి. మధ్యాహ్నం అన్నంలో ఆకుకూర పప్పు ఎక్కువ చేసి, రాత్రికి జొన్న రొట్టె పెట్టాక దారిలో పడింది. జొన్న, రాగి, సజ్జలో గ్లూటెన్ ఉండదు, కానీ గోధుమలు ఆడించిన మరలోనే ఆడిస్తే పిండి కలుస్తుంది, అందుకే ఇంట్లోనే మిక్సీ పట్టుకోమన్నాను.

మూడో నెల టిటిజి అనుకున్నంత తగ్గలేదు. "మేడం, గోధుమ వాసన కూడా చూడట్లేదు" అంది, ఆవిడ మాట నేను నమ్మాను. వంటింట్లో ఉన్న ప్రతి డబ్బా, ప్యాకెట్ ఫోటో తీసి పంపమన్నాను. ఇంగువ డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంది, గోధుమ పిండి అని. కాంపౌండెడ్ ఇంగువలో ఘాటు తగ్గించడానికి గోధుమ పిండో మైదానో కలపడం మామూలే, పప్పు పోపులో, పులిహోరలో, మజ్జిగ పులుసులో రోజూ పడేది. బియ్యప్పిండి కలిపిన ఇంగువ దొరుకుతుంది, దానికి మారింది. ఒంట్లో వేడి అని అప్పుడప్పుడూ తాగే బార్లీ నీళ్ళు కూడా ఆపించాను.

ఏడాదికి హిమోగ్లోబిన్ 12 దాటింది, టిటిజి నార్మల్‌కి వచ్చింది, మోషన్ దాదాపు రోజూ అవుతోంది. అరగ్లాసు పాలతో మొదలుపెట్టి ఇప్పుడు గ్లాసు తాగగలుగుతోంది. తల్లిదండ్రులు, తోబుట్టువులు, పిల్లల్లో దాదాపు పది మందిలో ఒకరికి ఈ జబ్బు ఉండొచ్చు కాబట్టి ఇంట్లోవాళ్ళకీ టెస్ట్ చేయించమని చెప్పాను. పదేళ్ళ కూతురికి పొట్ట ఇబ్బందేమీ లేదు, క్లాసులో అందరికన్నా పొట్టి, అంతే. ఆ పాప టిటిజి కూడా పాజిటివ్ వచ్చింది.