సీలింగ్ ఫ్యాన్ డబ్బా మీది అంకెలు: అపోహలు - వాస్తవాలు

ఎండలు ముదిరే రోజుల్లో మా కొట్టుకు వచ్చేవారంతా దాదాపు ఒకే మాట అడుగుతారు. "పెద్ద ఫ్యాను ఇవ్వండి, స్పీడు బాగా ఉండాలి, చప్పుడు రాకూడదు, కరెంటు తక్కువ కాలాలి." ఈ కోరికలు ఒకదానికొకటి కొంత ఎదురు. వేగం పెంచితే చప్పుడూ పెరుగుతుంది, కరెంటూ పెరుగుతుంది. అందుకే ఫ్యాన్లు అమ్మి, బిగించే పనిలో ఉన్నవాడిగా నేను ముందు డబ్బా మీది అంకెలు చదివి వినిపిస్తాను. బేరం ఆ తర్వాత.

అపోహ: గది పెద్దదైతే పెద్ద స్వీప్ ఉన్న ఫ్యాను ఒక్కటి చాలు.

స్వీప్ అంటే ఒక రెక్క పొడవు కాదు. ఫ్యాను తిరిగేటప్పుడు రెక్కల కొనలు గీసే వృత్తానికి ఈ చివర నుంచి ఆ చివరకు ఉండే కొలత. ఇంట్లో ఉన్న ఫ్యాను కొలత తెలియకపోతే మోటారు మధ్య నుంచి రెక్క కొన వరకు టేపుతో కొలిచి రెట్టింపు చేయండి. 24 అంగుళాలు వస్తే అది 48 అంగుళాల ఫ్యాను, డబ్బా మీద 1200 మిల్లీమీటర్లు అని ఉంటుంది. పది పన్నెండు అడుగుల పడకగదికి ఇది సరిపోతుంది. వంటగదికి, ఇరుకు వరండాకు 600 గానీ 900 గానీ చాలు.

ఇబ్బంది పొడవాటి హాళ్లతోనే. 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు ఉన్న హాలు తీసుకోండి. మధ్యలో ఒకే కొక్కెం ఉంటుంది. దానికి 1400 ఫ్యాను తగిలించినా గాలి జోరు రెక్కల కింద, ఆ చుట్టుపక్కల కొద్ది అడుగుల వరకే. గోడ పక్కన సోఫాలో కూర్చున్నవారికి అందదు. అదే హాల్లో రెండు చివరల నుంచి అయిదేసి అడుగుల దూరంలో రెండు 1200 ఫ్యాన్లు పెడితే వాటి మధ్య పది అడుగులు ఉంటుంది, గాలి అంతటా పడుతుంది. ఇల్లు కట్టేవారు శ్లాబు వేయకముందే ఈ కొక్కేల సంగతి తేల్చుకోవాలి. తర్వాత శ్లాబుకు రంధ్రాలు వేయడం నాకూ ఇష్టం ఉండదు, ఇంటివారికీ ఇష్టం ఉండదు.

ఎత్తు గురించి కూడా ఒక మాట. రెక్కలకు, పైకప్పుకు మధ్య కనీసం అడుగు ఖాళీ ఉండాలి. ఫ్యాను పైనుంచి గాలిని లాగి కిందికి తోస్తుంది కాబట్టి, లాగడానికి చోటు లేకపోతే ఎంత మంచి ఫ్యాను అయినా గాలి తగ్గుతుంది. ఫాల్స్ సీలింగ్ వేయించాక "ఫ్యాను పాడైంది" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇదే. రాడ్డు మారిస్తే సరిపోతుంది, రెక్కలు తలకు తగలనంత ఎత్తు మిగిలితే చాలు.

అపోహ: ఆర్‌పీఎం ఎంత ఎక్కువైతే గాలి అంత ఎక్కువ.

ఆర్‌పీఎం అంటే నిమిషానికి ఎన్ని చుట్లు అన్నది మాత్రమే. గాలి ఎంత వస్తుందన్నది రెక్క వెడల్పు, అది వంగిన కోణం మీద కూడా ఆధారపడుతుంది. చిన్న 600 ఫ్యాను పెద్దదాని కంటే చాలా వేగంగా తిరుగుతుంది, అయినా గాలి తక్కువే ఇస్తుంది. డబ్బా మీద చూడాల్సింది ఎయిర్ డెలివరీ. అది నిమిషానికి ఎన్ని ఘన మీటర్ల గాలి అన్న లెక్క. మంచి 1200 ఫ్యానుకు ఇది 210 నుంచి పైన ఉంటుంది. 400 చుట్లు తిరిగి 220 ఇచ్చేదీ, 350 చుట్లతోనే 220 ఇచ్చేదీ పక్కపక్కన ఉంటే నేను రెండోదే ఇస్తాను. అదే గాలి తక్కువ హోరుతో వస్తుంది. రెక్కలు నాలుగో అయిదో ఉంటే గాలి పెరుగుతుందన్న మాటకు కూడా ఆధారం లేదు. అది ఎక్కువగా అందం కోసం.

అపోహ: ఫ్యానుకు కరెంటు ఏం కాలుతుంది? స్పీడు తగ్గించినా బిల్లు మారదు.

డబ్బా మీది వాట్లు పూర్తి వేగానికి సంబంధించినవి. పాత మామూలు ఫ్యాను 75 వాట్ల చుట్టుపక్కల తీసుకుంటుంది. బీఎల్‌డీసీ అనే కొత్త రకం, అంటే బ్రష్‌లు లేని డీసీ మోటారు ఉన్నది 30 వాట్ల దగ్గర ఉంటుంది. రోజుకు 15 గంటలు తిరిగితే పాతది నెలకు 34 యూనిట్ల వరకు, కొత్తది 14 యూనిట్ల లోపు కాలుతుంది. తేడా 20 యూనిట్లు. ఇలాంటివి ఇంట్లో మూడు ఉంటే 60. మన బిల్లు స్లాబుల లెక్కన వస్తుంది కాబట్టి తగ్గేవి అన్నిటికంటే ఖరీదైన పై స్లాబు యూనిట్లే. అయితే రోజుకు నాలుగు గంటలు కూడా వేయని చుట్టాల గదికి మిగిలేది నెలకు అయిదారు యూనిట్లే. అక్కడ పాత ఫ్యాను మార్చవద్దనే చెబుతాను, అమ్మకం పోయినా సరే.

2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి. ఆ నక్షత్రాలు ఇచ్చేది ఎయిర్ డెలివరీని వాట్లతో భాగిస్తే వచ్చే అంకెను బట్టి. 220 ఘన మీటర్లకు 32 వాట్లు అయితే దాదాపు 6.9. అదే 215కు 52 వాట్లు అయితే 4.1. ఒకే కొలత ఫ్యాన్లలో ఈ అంకె పెద్దగా ఉన్నది అదే గాలిని తక్కువ ఖర్చుతో ఇస్తుంది.

ఇక వేగం తగ్గించడం సంగతి. వేగం సగమైతే గాలిని తోయడానికి కావలసిన శక్తి దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఈ లాభం బీఎల్‌డీసీలో చాలావరకు దక్కుతుంది. మామూలు మోటారులో కొంత మోటారు వేడికే పోతుంది. పాతకాలపు పెద్ద డబ్బా రెగ్యులేటర్ మీద చెయ్యి పెట్టి చూడండి. ఆ వెచ్చదనం కూడా బిల్లులో ఉంటుంది. ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ పెట్టిస్తే ఆ నష్టం చాలావరకు పోతుంది. బీఎల్‌డీసీ ఫ్యాను కొన్నవారు మాత్రం గోడ మీది రెగ్యులేటర్ తీసేసి నేరుగా స్విచ్చికి కలిపించుకోవాలి. దానికి వేగం మార్చేది సాధారణంగా రిమోటే. రెగ్యులేటర్ మీదుగా ఇస్తే లోపలి సర్క్యూట్ దెబ్బతినవచ్చు.

అపోహ: చప్పుడు వస్తోందంటే బేరింగు పోయింది.

చప్పుడు మూడు రకాలు, ఒక్కోదానికీ వైద్యం వేరు. తెలుసుకోవడానికి పనిముట్లు అక్కర్లేదు. ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతుండగా స్విచ్చి ఆపేసి చెవి పెట్టండి. కరెంటు పోగానే చప్పుడు టక్కున ఆగిపోయి, రెక్కలు మాత్రం ఇంకా తిరుగుతుంటే అది కరెంటు వల్ల మోటారులో పుట్టే గుయ్యి. తక్కువ వేగంలోనే గుయ్యిమంటే చాలాసార్లు తప్పు రెగ్యులేటర్‌ది. కండెన్సర్ రకం రెగ్యులేటర్ పెడితే ఆగుతుంది.

ఆపిన తర్వాత కూడా చప్పుడు కొనసాగి, వేగంతోపాటు మెల్లగా తగ్గితే అది గాలి హోరు గానీ బేరింగు గానీ. గరగరమంటూ, చేత్తో తిప్పినా తెలుస్తుంటే బేరింగు. ఉత్త హోరు అయితే అది రెక్కల వేగం వల్ల వచ్చేది, మరమ్మతు లేదు, ఒక నంబరు తగ్గించుకోవడమే.

మూడోది చుట్టుకొకసారి టిక్కుమనేది. రాడ్డుకు ఉండే కింది కప్పు మోటారుకో, పై కప్పు శ్లాబుకో తగులుతుండవచ్చు, రెక్క మరలు వదులై ఉండవచ్చు, కొక్కెం దగ్గరి రబ్బరు బుష్ అరిగి ఉండవచ్చు. ఫ్యాను ఊగుతుంటే మెయిన్ ఆపి, మరలు బిగించి, ఒక్కో రెక్క కొనను ఒకే చోటికి తెచ్చి పైకప్పు నుంచి ఎంత దూరంలో ఉందో కొలవండి. మూడూ దాదాపు ఒకటే రావాలి. ఒకటి స్పష్టంగా తేడా ఉంటే ఆ రెక్కో, దాన్ని పట్టుకున్న ఇనుప పట్టీయో వంగింది. కొలతలు సరిపోయినా ఊగుతుంటే పక్కపక్క రెక్కలు రెండు చోట్లు మార్చి బిగించి చూడండి. రెక్కలను కర్మాగారంలో బరువు సరిచూసి ఒక జతగా ఇస్తారు. అందుకే ఒక ఫ్యాను రెక్కను ఇంకో ఫ్యానుకు వేయకూడదు, ఒకటి పాడైతే మొత్తం జత మార్చాలి.