భార్యాభర్తలు కలిసి రాసిన వీలునామా: మిగిలినవారి చేతిని కట్టేసేది ఏమిటి?

మిర్యాలగూడ దగ్గర ఒక ఊరిలో భార్యాభర్తలు ఒకే కాగితం మీద వీలునామా రాసుకున్నారనుకుందాం. నాగార్జునసాగర్ ఎడమకాలువ కింద భర్త స్వార్జితమైన నాలుగెకరాల తరి ఉంది; భార్యకు పుట్టింటివారు ఇచ్చిన స్థలంలో కట్టిన ఇల్లు ఆమె పేరిటే ఉంది. ఎవరు ముందు గతించినా రెండవవారు బతికినంత కాలం రెండు ఆస్తులనూ అనుభవించాలని, ఆ తరువాత పొలం కొడుక్కూ ఇల్లు కూతురికీ చెందాలని, ఒకరు పోయాక రెండవవారు దీన్ని మార్చకూడదని ఇద్దరూ ఒప్పుకొని సంతకాలు చేశారు. భర్త ముందు మరణించాడు. ఆమె ఐదేళ్ల పాటు పొలం కౌలు తీసుకుంటూ వచ్చి, ఆ పైన కొడుకు దగ్గర చేరి, ఇల్లు కూడా అతనికే చెందేట్టు కొత్త వీలునామా రిజిస్టర్ చేయించింది. ఇల్లు ఆమె సొంతం, వీలునామా ఎప్పుడైనా మార్చుకోదగిన పత్రం. అలాంటప్పుడు కూతురు ఏ ఆధారంతో అడ్డుపడగలదు?

భారత వారసత్వ చట్టం, 1925లోని 62వ సెక్షన్ చూస్తే కూతురికి ఆశ మిగలనట్టే ఉంటుంది. ఆస్తిని పంచగల సామర్థ్యం ఉన్నంత కాలం తన వీలునామాను రద్దు చేసుకోవచ్చునని, మార్చుకోవచ్చునని ఆ సెక్షన్ చెబుతుంది. ఒకే కాగితం మీద ఇద్దరూ సంతకం చేయడం వల్ల ఈ హక్కు పోదు. ఉమ్మడి వీలునామా అంటే ఒక కాగితంలో ఇమిడిన రెండు వీలునామాలు. మొదటివారి మరణంతో ఒకటి, రెండవవారి మరణంతో మరొకటి అమలులోకి వస్తాయి. కాబట్టి కట్టుబాటుకు ఆధారాన్ని కాగితంలో కాక ఆ ఇద్దరి మధ్య జరిగిన ఒప్పందంలో వెతకాలి.

ఈ సూత్రానికి మూలంగా చెప్పే తీర్పు ఇంగ్లండులో 1769 నాటిది. డ్యూఫూర్, పెరీరాల వ్యాజ్యంలో ఒక దంపతులు తమ ఆస్తిని ఒకటిగా కలిపి, మిగిలినవారు జీవితకాలం అనుభవించాక ఎవరికి చెందాలో ఉమ్మడి వీలునామాలో నిర్ణయించారు. భర్త పోయాక భార్య ఆ వీలునామా కింద లాభం పొంది, ఆ తరువాత వేరే వీలునామా రాసింది. తీర్పు చెప్పిన న్యాయమూర్తి లార్డ్ కామ్డెన్ దీన్ని ఒప్పుకోలేదు. ముందు మరణించినవారు తమ మాటను చావుతో నిలబెట్టుకున్నారు, ఇక దాన్ని వెనక్కి తీసుకునే అవకాశం వారికి లేదు. ఆ మాట వల్ల లాభపడ్డవారు తమ వంతు తప్పించుకోవడం మోసమవుతుందన్నది ఆయన తర్కం. మన దేశంలో మద్రాసు హైకోర్టు ఈ సూత్రాన్ని పరిశీలించింది. 1986లో, మరణించినవారి ఆస్తి మీద అప్పట్లో వేసిన ఎస్టేట్ డ్యూటీ పన్నుకు సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు కూడా దీన్ని చర్చించింది.

తర్కం ఇదే కనుక షరతులు కూడా దానిలోనుంచే వస్తాయి. రద్దు చేయకూడదన్న ఒప్పందం ఉండాలి. మొదటివారు దాన్ని మార్చకుండానే మరణించి ఉండాలి. రెండవవారు ఆ వీలునామా కింద లాభం పొంది ఉంటే కట్టుబాటు గట్టిపడుతుంది. ఇద్దరూ బతికి ఉండగా ఎవరైనా వెనక్కి తగ్గవచ్చు, కాని రెండవవారికి తెలియజేయాలి, ఎందుకంటే వారికీ తమ ఏర్పాటు మార్చుకునే అవకాశం ఉండాలి. మన ఉదాహరణలో లాభం ఎంతో లెక్క వేస్తే విషయం స్పష్టమవుతుంది. వీలునామా లేకపోతే, భర్త తల్లి బతికి లేదనుకుంటే, భార్యకు పొలంలో మూడో వంతే దక్కేది. తక్కిన రెండు వంతులు కొడుక్కూ కూతురికీ పోయేవి. ఐదేళ్లు నాలుగెకరాల కౌలంతా ఆమె తీసుకోగలిగింది కేవలం భర్త మాట నిలబెట్టినందువల్ల. అందుకే కొత్త వీలునామా సక్రమంగా రాసినదే అయినా, ఇల్లు ఆమె చేతిలో కూతురి కోసం ఉంచిన ఆస్తి వంటిదని కోర్టు పరిగణించవచ్చు.

అయితే ఇలాంటి కేసులు ఎక్కువగా ఒప్పందం రుజువు దగ్గరే ఓడిపోతాయి. ఒకే రోజు, ఒకే మాటలతో రాశారన్నంత మాత్రాన ఒప్పందం ఉన్నట్టు కాదని 1928లో, అప్పట్లో మన దేశానికీ అత్యున్నత అప్పీలు కోర్టు అయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ చెప్పింది. డాక్యుమెంట్ రైటర్లు అలవాటుగా వాడే ‘సర్వహక్కులతో అనుభవించవలెను’ అన్న మాట ఇక్కడ చాలా నష్టం చేస్తుంది. మిగిలినవారికి సంపూర్ణ యాజమాన్యం ఇచ్చి, వెంటనే దాన్ని మార్చకూడదంటే ఆ రెండూ పొసగవు, రెండవ భాగం చెల్లదన్న వాదనకు తలుపు తెరుచుకుంటుంది. ‘జీవితకాలం మాత్రమే’, ‘మాలో ఒకరి మరణానంతరం రెండవవారు రద్దు చేయరాదని మేమిద్దరం ఒప్పుకొన్నాము’ అన్న స్పష్టమైన మాటలు ఉండడమే మేలు. అప్పుడు కూడా పొలం విషయంలో ఒక చిక్కు ఉంది: భార్య భరణం హక్కుకు బదులుగా ఇచ్చిన పరిమిత హక్కు, హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ కింద సంపూర్ణ హక్కుగా మారవచ్చునని 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ వాదన నెగ్గితే పొలం మీద కొడుకు ఆశకు దెబ్బ తగలవచ్చు.

రిజిస్ట్రేషన్ కూడా కూతురిని కాపాడదు. వీలునామాలు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో మూడో పుస్తకంలో నమోదవుతాయి. భూమి, ఇళ్ల లావాదేవీల ఈసీలో అవి కనిపించవు. తల్లి బతికి ఉండగా ఆమె ఒంటరిగా రాసిన కొత్త వీలునామా నకలు కూతురు అడిగినా ఇవ్వరు. కాబట్టి ఉమ్మడి వీలునామా అసలు ప్రతి ఎవరి దగ్గర ఉందో, రాసినప్పుడు సాక్షిసంతకం చేసిన ఇద్దరిలో ఎవరు బతికి ఉన్నారో ఆమె ముందుగానే చూసుకోవలసి వస్తుంది, ఎందుకంటే కోర్టులో ఆ వీలునామా రుజువుకు ఒక సాక్షి బతికి ఉంటే అతన్ని పిలిపించాల్సిందే.