విమెంటిన్ లేకపోయినా ఫర్వాలేదా? మూడో తంతువు మీద పాత తగవు

క్యాన్సర్ వ్యాప్తిని అడ్డుకోవడానికి విమెంటిన్ అనే ప్రొటీన్ మీద గురిపెట్టవచ్చా అన్న చర్చ మళ్లీ వేడెక్కింది. పక్క కణాలను అంటిపెట్టుకుని ఉండే కణం అక్కడి నుంచి ఊడిపోయి సొంతంగా కదిలే స్వభావం తెచ్చుకునేటప్పుడు దానిలో విమెంటిన్ బాగా పెరుగుతుంది. అందుకే ఆ ప్రొటీన్‌ను దెబ్బతీస్తే కణం కదలిక ఆగుతుందని ఒక వర్గం ఆశ. మరి ఆరోగ్యంగా ఉన్న కణాలకూ విమెంటిన్ కావాలి కదా అని అడిగితే, ఆ వర్గం ముందుగా చూపించే సాక్ష్యం 1994 నాటిది. ఆ ఏడాది పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో శార్ల్ బాబినే బృందం విమెంటిన్ జన్యువును తీసేసిన చిట్టెలుకలను పుట్టించింది. అవి మామూలుగానే పెరిగాయి, పిల్లల్నీ పెట్టాయి. పైకి లోపమేమీ కనిపించలేదు. లేకపోయినా బతకగలిగినప్పుడు తీసేస్తే నష్టమేముందన్నది వాళ్ల వాదన.

ఈ వాదనకు అంత ఆకర్షణ ఎందుకొచ్చిందో తెలియాలంటే మిగతా రెండు తంతువుల సంగతి కొంచెం చూడాలి. కణం ఆకారాన్ని, కదలికను, లోపలి రవాణాను మోసే సైటోస్కెలిటన్‌లో మూడు రకాల తంతువులున్నాయని పాఠ్యపుస్తకాల్లో పట్టిక వేసి మరీ చెబుతారు. సుమారు 7 నానోమీటర్ల మందం ఉన్న ఆక్టిన్ సూక్ష్మతంతువులు, 10 నానోమీటర్ల ఇంటర్మీడియట్ ఫిలమెంట్లు, 25 నానోమీటర్ల మైక్రోట్యూబ్యూల్స్. ఆ పట్టికను ఇక్కడ మళ్లీ వేయడం అనవసరం. మన తగవుకు పనికొచ్చే విషయం ఒకటుంది. ఆక్టిన్, మైక్రోట్యూబ్యూల్స్‌ను కట్టే ట్యూబ్యులిన్ రెండూ గుండ్రటి ప్రొటీన్లు. ఒకటి ఏటీపీ అనే, రెండోది జీటీపీ అనే శక్తి అణువును పట్టుకుని వరసగా చేరి తంతువవుతాయి, మళ్లీ విడిపోతాయి. తంతువు రెండు కొసలూ ఒకేలా ఉండవు కాబట్టి దానికి ఒక దిశ ఉంటుంది. ఆ దిశను బట్టే ఆక్టిన్ మీద మయోసిన్, మైక్రోట్యూబ్యూల్ మీద కైనెసిన్, డైనీన్ అనే మోటార్ ప్రొటీన్లు నడుస్తాయి.

మందు తగిలితే ఈ రెండు వ్యవస్థలూ తట్టుకోలేకపోవడానికి కారణం అదే. విన్‌క్రిస్టిన్, పాక్లిటాక్సెల్ వంటి క్యాన్సర్ మందులు మైక్రోట్యూబ్యూల్స్‌ను పట్టుకుని కణ విభజనను ఆపుతాయి. కానీ వెన్ను దగ్గర మొదలై కాలి వేళ్ల దాకా సాగే నాడీ తంతువులో సరుకు రవాణా కూడా ఆ మైక్రోట్యూబ్యూల్స్ మీదే జరుగుతుంది. అందుకే ఈ మందులు వాడేవాళ్లలో చాలామందికి చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కుతాయి. ఇక ఆక్టిన్‌ను దెబ్బతీసే సైటోకలాసిన్, లాట్రన్‌క్యులిన్ ప్రయోగశాల దాటి బయటికి రాలేదు. గుండె కండరం కూడా ఆక్టిన్ మీదే నడుస్తుంది మరి.

మూడోది వీటికి భిన్నం. విమెంటిన్, కెరాటిన్ వంటి ప్రొటీన్లు కట్టేది ఈ రకం తంతువులనే. ఇంటర్మీడియట్ ఫిలమెంట్ కట్టుకోవడానికి ఏటీపీ గానీ జీటీపీ గానీ పట్టుకోనక్కర్లేదు. దానికి దిశ లేదు. దాని మీద నడిచే మోటార్ ఏదీ తెలియదు. ఈగల జాతికి చెందిన డ్రోసోఫిలాలో కేంద్రకం లోపలి లామిన్లు తప్ప ఈ కుటుంబపు తంతువులు కణద్రవ్యంలో లేనేలేవు. అయినా దాని బతుకు అది బతుకుతోంది. 1981లో మైకేల్ క్లిమ్‌కోవ్‌స్కీ కణాల్లోకి యాంటీబాడీలు ఎక్కించి ఈ తంతువులను కేంద్రకం పక్కన కుప్పగా కూలిపోయేట్టు చేశారు. కణాల ఆకారం గానీ కదలిక గానీ పెద్దగా మారలేదు. వీటన్నిటి మీదా 1994 నాటి ఎలుకలు వచ్చి పడేసరికి, మూడో తంతువు ఉన్నా లేకున్నా ఒకటే అన్న మాటకు బలం చేకూరింది.

ఈ కథలో చిక్కేమిటంటే, అసలు సమాధానం అంతకు మూడేళ్ల ముందే వచ్చింది. అది వచ్చింది విమెంటిన్ మీద కాదు, చర్మంలోని కెరాటిన్ మీద. ఈ తగవు మొత్తానికి తాళంచెవి అక్కడే ఉందని నా అభిప్రాయం. అందుకే మిగతా చరిత్ర కన్నా 1991 దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

చర్మపు పైపొరలో అన్నిటికన్నా అడుగున ఉండే కణాలు కెరాటిన్ 5, కెరాటిన్ 14 అనే రెండు ప్రొటీన్లను జతగా పేని తంతువులు కట్టుకుంటాయి. కొందరు పిల్లల్లో పుట్టుకతోనే, ఎత్తుకున్నా, బట్ట రాసుకున్నా చర్మం మీద నీటిబుడగలు లేస్తాయి. ఎపిడెర్మోలైసిస్ బులోసా సింప్లెక్స్ అనే జబ్బు ఇది. ఆ బుడగ అడుగుభాగాన్ని మైక్రోస్కోపులో చూస్తే రెండు పొరలు ఒకదాన్నుంచి ఒకటి ఊడివచ్చినట్టు ఉండదు. అడుగు కణమే చిరిగి ఉంటుంది. చిరిగే చోటు కూడా ఇంచుమించు అదే: కేంద్రకానికి కింద, కణాన్ని కింది పొరకు అతికించే బిగింపులకు కొంచెం పైన. అంటే పునాదికి అతుకు బాగానే ఉంది, ఆ అతుకుకూ కేంద్రకానికీ మధ్య ఉన్న కణం శరీరమే తెగిపోతోంది.

షికాగో విశ్వవిద్యాలయంలో ఎలేన్ ఫుక్స్ బృందం మొదట ఈ జబ్బు గురించి వెతకలేదు. కెరాటిన్ 14ను కావాలని పాడుచేసి, ఆ జన్యువును ఎలుకల్లో పెట్టింది. పుట్టిన పిల్లలకు సరిగ్గా అలాంటి బుడగలే వచ్చాయి, కణాలు అదే చోట చిరిగాయి. అప్పుడు తిరిగి రోగుల జన్యువులను చూశారు. ఆ జబ్బు తీవ్ర రూపంలో ఉన్న ఇద్దరిలో కెరాటిన్ 14లోని 125వ స్థానంలో తేడా దొరికింది. అక్కడ ఆర్జినిన్ అనే అమినో ఆమ్లం ఉండాల్సింది. ఒకరిలో సిస్టీన్, ఇంకొకరిలో హిస్టిడిన్ ఉంది. పొడవాటి కడ్డీలా ఉండే ఈ ప్రొటీన్‌లో ఆ చోటు కడ్డీ మొదట్లో వస్తుంది. ఒక కడ్డీ ఇంకో కడ్డీని కొసల దగ్గర పట్టుకునేది అక్కడే. రెండు జన్యు ప్రతుల్లో ఒక్కటి చెడినా చాలు, ఆ చెడ్డ పోగు మంచి పోగులతో కలిసి పేనుకుని తంతువు మొత్తాన్ని బలహీనం చేస్తుంది.

దీనికి అవతలి వర్గం చెప్పిన జవాబులో పస లేకపోలేదు. చెడ్డ ప్రొటీన్ గడ్డలు కట్టి కణాన్ని విషంలా చంపుతోందేమో, అంత మాత్రాన తంతువు బలం కోసమే ఉందని ఎలా చెబుతారని అడిగారు. దానికి 1994లోనే సమాధానం దొరికింది. కెరాటిన్ 14 బొత్తిగా తయారుకాని మనుషుల గురించి ఆ ఏడాది నివేదికలు వచ్చాయి. వాళ్లలో గడ్డకట్టడానికి చెడ్డ ప్రొటీనే లేదు. అయినా వాళ్ల చర్మంపై బుడగలు లేచాయి. మరుసటి ఏడాది అదే జన్యువును తీసేసిన ఎలుకల్లోనూ అంతే జరిగింది. విమెంటిన్ లేని ఎలుకల వార్త మాత్రం అందరికీ గుర్తుండిపోయింది. అదే ఏడాది వచ్చిన ఈ మనుషుల సంగతి ఈ చర్చలో ఎవరూ ఎత్తరు.

1991లోనే మరో ప్రయోగం ఇదే విషయాన్ని కణంతో పని లేకుండా చూపించింది. పాల్ జాన్మీ, సహచరులు ఆక్టిన్, ట్యూబ్యులిన్, విమెంటిన్ తంతువులతో వేర్వేరుగా జెల్‌లు తయారుచేసి, ఒక్కోదాన్నీ మెలితిప్పుతూ ఎంత ఎదురు తిరుగుతుందో కొలిచారు. ఆక్టిన్ జెల్ మొదట్లో అన్నిటికన్నా గట్టిగా ఉంది, కానీ కొద్దిగా సాగగానే తెగింది. మైక్రోట్యూబ్యూల్స్ జెల్ మరికొంత సాగి చేతులెత్తేసింది. విమెంటిన్ జెల్ మొదట మెత్తగా లొంగిపోయింది, మెలిక పెరిగేకొద్దీ బిగుసుకుంది. మిగతా రెండూ తెగిపోయిన చోట కూడా అది తెగలేదు.

ఆ తేడాకు కారణం నిర్మాణంలోనే ఉంది. ఆక్టిన్, మైక్రోట్యూబ్యూల్ రెండూ గుండ్రటి ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చినవి. ముక్కకూ ముక్కకూ మధ్య పట్టు చిన్నది, అది వదిలితే తంతువు తెగినట్టే. ఇంటర్మీడియట్ ఫిలమెంట్ పీచు తాడు లాంటిది. సుమారు 45 నానోమీటర్ల పొడవున్న కడ్డీలు జంటలుగా పేనుకుని, ఆ జంటలు ఒకదాని పక్కన ఒకటి కొంచెం జరిగి అతుక్కుంటాయి. తంతువును అడ్డంగా కోస్తే మామూలుగా ముప్పై రెండు పోగులు కనిపిస్తాయి. లాగినప్పుడు అవి ఒకదాని మీద ఒకటి జారుతాయి, ఇంకా లాగితే కడ్డీలోని మెలికలే విప్పుకుని సాగుతాయి. మైక్రోట్యూబ్యూల్ వంగకుండా నిలబడుతుంది, ఆక్టిన్ లాగి పనిచేస్తుంది, ఈ మూడోది సాగి తట్టుకుంటుంది. లాగే బలం లేనిచోట దాని అవసరం బయటపడదు.

ఈ కళ్లతో 1994 నాటి ఎలుకలను మళ్లీ చూడండి. బోనులో పెరిగి, వేళకు తిండి తిని, ఒంటికి గాయమన్నది లేకుండా బతికిన ఎలుకలవి. వాటి మీద ఒత్తిడి పెట్టి చూసినవాళ్లకు వేరే చిత్రం కనిపించింది. 1997లో మూత్రపిండాల్లో నాలుగింట మూడు వంతులు తొలగించి చూశారు. మామూలు ఎలుకలు తట్టుకున్నాయి, విమెంటిన్ లేనివి కొద్ది రోజుల్లోనే చనిపోయాయి. 1998లో బెయాటె ఎకెస్ బృందం, కణాల చుట్టూ పీచు జాలాన్ని అల్లే ఫైబ్రోబ్లాస్ట్ కణాలు విమెంటిన్ లేనప్పుడు మెత్తబడ్డాయనీ, కదలడంలోనూ చుట్టూ ఉన్న జాలాన్ని లాగి బిగించడంలోనూ వెనకబడ్డాయనీ చూపించింది. 2000లో అదే బృందం ఆ ఎలుకల గాయాలు ఆలస్యంగా మానుతున్నాయని తేల్చింది. అవతలి పక్షం చెప్పదగిన మాట ఇక్కడ ఒకటుంది: మూత్రపిండాల కథలో తంతువు తెగడం కన్నా రక్తనాళాలను బిగించే, వదులుచేసే రసాయనాల సమతుల్యం చెడటం ముఖ్యమని ఆ పరిశోధకులే అన్నారు. అంటే విమెంటిన్ పని బలం ఒక్కటే కాకపోవచ్చు. కానీ ఆ మాట మందు పెట్టాలనేవాళ్లకు ఊరటనిచ్చేది కాదు, ఆందోళన పెంచేదే. క్యాన్సర్ రోగికి ఆపరేషన్ అవుతుంది, కోత మానాలి, మందుల భారాన్ని మూత్రపిండాలు మోయాలి. గాయం లేని ఎలుక ఆ రోగికి పోలిక కాదు.

ఇప్పటి చర్చ ఎక్కువగా అశ్వగంధ మొక్కలో దొరికే వితాఫెరిన్-ఎ చుట్టూ తిరుగుతోంది. అది విమెంటిన్‌లో 328వ స్థానంలోని సిస్టీన్‌కు గట్టిగా అతుక్కుంటుందని 2007లో చూపించారు. అది పడిన కణాల్లో విమెంటిన్ జాలం కూలి కేంద్రకం పక్కన చేరడం నిజమే. అయితే సిస్టీన్‌ను పట్టుకునే పదార్థం విమెంటిన్ సిస్టీన్‌నే పట్టుకోవాలన్న రూలేమీ లేదు. వితాఫెరిన్ మరెన్నో ప్రొటీన్లకు కూడా అతుక్కుంటుంది. కణం చచ్చిపోయిందనో కదలిక ఆగిపోయిందనో చూసి, దానికి విమెంటినే కారణమని రాసేస్తున్న పేపర్లను జాగ్రత్తగా చదవాలి.

దీన్ని తేల్చే పరీక్ష కష్టమైనదేమీ కాదు. విమెంటిన్ జన్యువు తీసేసిన కణాలనూ, మామూలు కణాలనూ పక్కపక్కన పెంచి, రెండింటికీ అదే మోతాదు మందు వేయాలి. మందు నిజంగా విమెంటిన్ మీదే పనిచేస్తుంటే, అది లేని కణాలకు ఏమీ కాకూడదు. రెండు రకాలూ సమానంగా దెబ్బతింటే మందు పట్టుకున్నది వేరేదేదో అన్నమాట. ఆ పోలిక లేకుండా వచ్చే ఏ ఫలితాన్నీ, ఎంత ఆశాజనకంగా ఉన్నా, విమెంటిన్ ఖాతాలో వేయలేం.