గివ్‌అవే క్యాప్షన్లు: అపోహలు – వాస్తవాలు

చీరల దుకాణాలకూ, ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మేవాళ్లకూ ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ పేజీలు చూసిపెట్టడం నా పని. శ్రావణమాసం దగ్గర పడుతోందంటే చాలు, గివ్‌అవే పోస్టులు మొదలవుతాయి. దాంతోపాటే ఈ మాట కూడా: "విన్నర్ సంగతి తర్వాత చూద్దాం లెండి, ముందు పోస్టు పడేయండి." గివ్‌అవేల్లో జనం డబ్బు పోగొట్టుకునేది చాలావరకు ఇక్కడే. అందుకే దీని గురించే ఎక్కువ రాస్తున్నాను.

అపోహ: గెలిచినవాళ్లకు మెసేజ్ పెడితే చాలు, ఎలా ప్రకటిస్తామో క్యాప్షన్‌లో రాయక్కర్లేదు.

మోసగాళ్లు గివ్‌అవే పోస్టుల కింద కామెంట్లు చదువుతూనే ఉంటారు. బహుమతి కోసం ఎదురుచూసేవాళ్ల జాబితా అక్కడ రెడీగా ఉంటుంది. మీ లోగో, నాలుగు ఫొటోలు కాపీ చేసి, పేజీ పేరులో ఒక చుక్కో అండర్‌స్కోరో అదనంగా పెట్టి కొత్త అకౌంట్ తెరుస్తారు. ఆ తర్వాత కామెంట్ పెట్టిన ఒక్కొక్కరికీ "కంగ్రాట్స్, మీరు గెలిచారు" అని మెసేజ్ పంపుతారు. ఫోన్ తెరమీద చిన్న అక్షరాల్లో ఆ అండర్‌స్కోరు ఎవరికి కనిపిస్తుంది?

గుంటూరు వైపు పచ్చళ్లు అమ్మే ఒకావిడ నా దగ్గరికి రాకముందు ఇలాగే ఒక గివ్‌అవే పెట్టారు. క్యాప్షన్ చివర "విజేతను త్వరలో ప్రకటిస్తాం" అని మాత్రమే ఉంది. ఎంట్రీ ఇచ్చిన ఒక కాలేజీ అమ్మాయికి నకిలీ అకౌంట్ నుంచి మెసేజ్ వచ్చింది. మొదట కొరియర్ ఖర్చని కొంచెం అడిగారు, పంపింది. తర్వాత "ఆ డబ్బు వెనక్కి వేస్తాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అన్నారు. కొట్టింది. ఖాతాలో ఉన్న హాస్టల్ ఫీజు డబ్బులు పోయాయి. ఆ అమ్మాయి ఏడుస్తూ దుకాణానికే ఫోన్ చేసింది: "ఆంటీ, మీరే కదా పంపమన్నారు?"

చాలామంది "చదువుకున్న పిల్ల, చూసుకోవద్దా" అంటారు. ఏం చూసుకోవాలి? అసలు పోస్టులో తేదీ లేదు, ఎక్కడ ప్రకటిస్తారో లేదు, "డబ్బు అడగం" అన్న మాటా లేదు. వచ్చిన మెసేజ్ నిజమా కాదా అని పోల్చి చూసుకోవడానికి ఒక్క ఆధారమైనా లేదు. ఆ ఆధారం ఇవ్వాల్సింది గివ్‌అవే పెట్టినవాళ్లే.

ఇలా జరిగితే సిగ్గుపడి ఊరుకోకండి, వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ. cybercrime.gov.in లో కూడా ఫిర్యాదు చేయొచ్చు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.

ఇంకో సంగతి. ఫలితం చెప్పకుండా ఊరుకోవడం మర్యాద కాదన్నంతవరకే కాదు. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 2(47) ప్రకారం ఉచిత బహుమతుల స్కీము ముగిశాక తుది ఫలితాలను పాల్గొన్నవాళ్లకు తెలియకుండా దాచడం అనుచిత వ్యాపార పద్ధతి కిందికి వస్తుంది. పత్రికలో ప్రకటించిన స్కీమైతే అదే పత్రికలో, తగిన వ్యవధిలో, ప్రముఖంగా ఫలితం వేయాలన్న వివరణ కూడా అందులో ఉంది. ఆ తర్కమే నేను పేజీలకు పాటిస్తాను: ఏ పోస్టులో పిలిచామో, ఆ పోస్టులోనే ఫలితం.

పచ్చళ్ల ఆవిడ పేజీకి తర్వాత మేం రాసిన క్యాప్షన్ దాదాపు ఇలా ఉంది:

> గివ్‌అవే! ముగ్గురికి కిలో ఆవకాయ ఉచితం. ఆఖరు: ఆగస్టు 10, రాత్రి 9 గంటలు.
>
> ఎలా పాల్గొనాలి: మా పేజీని ఫాలో అవ్వండి. మీ ఇంట్లో ముందుగా ఖాళీ అయ్యే పచ్చడి ఏదో ఈ పోస్టు కింద కామెంట్ పెట్టండి. అంతే.
>
> నియమాలు: ఒకరికి ఒకటే ఎంట్రీ. 18 ఏళ్లు నిండి ఉండాలి. డెలివరీ భారతదేశంలోని చిరునామాలకే. ఏమీ కొనక్కర్లేదు. మా సిబ్బంది, వాళ్ల కుటుంబాలు అర్హులు కారు.
>
> విజేతలు: ఆగస్టు 12 సాయంత్రం 6 గంటలకు లైవ్‌లో డ్రా తీస్తాం. పేర్లు ఈ పోస్టు కిందే పిన్ చేసిన కామెంట్‌లో ఉంటాయి. మేం ఎవరికీ ముందుగా మెసేజ్ పెట్టం. మీ పేరు చూసుకుని మీరే మాకు మెసేజ్ పెట్టండి. కొరియర్ ఖర్చు మాదే. డబ్బు, ఓటీపీ, క్యూఆర్ స్కాన్ ఎప్పుడూ అడగం. ఆగస్టు 14 సాయంత్రం 6 లోపు స్పందించకపోతే ఇంకొకరి పేరు తీస్తాం.
>
> ఈ పోటీకీ ఇన్‌స్టాగ్రామ్‌కూ సంబంధం లేదు. పాల్గొనేవాళ్లు ఈ విషయంలో ఇన్‌స్టాగ్రామ్‌కు ఎలాంటి బాధ్యత లేదని అంగీకరించినట్టే.

ఇందులో ప్రాణం "మేం ముందుగా మెసేజ్ పెట్టం" అన్న మాటలో ఉంది. అది రాసిన క్షణం నుంచి "మీరు గెలిచారు" అని వచ్చే ప్రతి మెసేజూ నకిలీదే. అకౌంట్ పేరులో చుక్కలు లెక్కపెట్టాల్సిన పని ఎవరికీ ఉండదు.

తేదీని మొదటి వరుసలో పెట్టడానికీ కారణం ఉంది. ఫీడ్‌లో క్యాప్షన్ మొదటి ముక్క మాత్రమే కనిపిస్తుంది, మిగతాది నొక్కితేనే తెరుచుకుంటుంది. తేదీని బొమ్మ మీద మాత్రమే వేయడం ఇంకా చిక్కు. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు పెట్టాక క్యాప్షన్ మార్చొచ్చు కానీ బొమ్మ మార్చలేం. ఇక "10వ తేదీ అర్ధరాత్రి" అని ఎప్పుడూ రాయకండి. సగం మందికి అది 9వ తేదీ దాటగానే వచ్చే అర్ధరాత్రి, మిగతావాళ్లకు మర్నాటిది. రాత్రి 9 అంటే తగాదా లేదు. విదేశాల్లో ఉన్న మనవాళ్లు చూసే పేజీ అయితే "భారత కాలమానం" అని చేర్చండి. ఆగస్టులో మనకు రాత్రి 9 అంటే డాలస్‌లో అదే రోజు ఉదయం పదిన్నర.

ముగింపుకూ డ్రాకూ మధ్య ఆ రెండు రోజులు ఊరికే పెట్టినవి కావు. 9 కొట్టగానే కామెంట్లన్నీ ఒక షీట్‌లోకి ఎక్కించి, ఒకరివే రెండు మూడు ఉంటే ఒకటే ఉంచి, వరుస నంబర్లు వేస్తాం. లైవ్‌లో ఆ షీట్ చూపించి ర్యాండమ్ నంబర్ తీస్తాం. వచ్చిన పేరు ఫాలోయర్ల జాబితాలో ఉందో లేదో అక్కడే వెతికి చూస్తాం. ఆ వీడియో దాచుకుంటాం. "మీ చుట్టాలకే ఇచ్చుకున్నారు" అని ఎవరైనా అంటే చూపించడానికి అదే ఆధారం.

అపోహ: ఎన్ని మెట్లు పెడితే అంత రీచ్.

లైక్, సేవ్, ఐదుగురిని ట్యాగ్, స్టోరీలో షేర్... మీరు సరిచూడలేని షరతు పెట్టకండి. స్టోరీ 24 గంటల్లో మాయమవుతుంది. ప్రైవేట్ అకౌంట్లు పెట్టే స్టోరీ మీకు కనిపించదు కూడా. పైగా సొంత టైమ్‌లైన్‌లో షేర్ చేయడం, స్నేహితులను ట్యాగ్ చేయడం ఎంట్రీకి షరతుగా పెట్టకూడదని ఫేస్‌బుక్ నియమాల్లోనే ఉంది. కామెంట్ ఒక్కటే లెక్కకు వచ్చేది.

మిగిలినవి గబగబా. "కొన్నవాళ్లకే లక్కీ డ్రా" పెట్టుకోవచ్చు అనుకోకండి. అది లాటరీ చట్టాల దాకా పోయే వ్యవహారం, ముందు లాయర్‌ను అడగండి. ఎంట్రీలు తక్కువొచ్చాయని తేదీ పొడిగించకండి, గడువులోపు వచ్చినవాళ్లకు అది అన్యాయం. డ్రా అయ్యాక పోస్టు డిలీట్ చేయొద్దు. క్యాప్షన్ మొదటి వరుసలో "ముగిసింది, విజేతల పేర్లు కింద" అని మార్చి, పేర్లు అలాగే ఉంచండి. నకిలీ మెసేజ్‌లు డ్రా అయిన వారం తర్వాత కూడా వస్తాయి, అప్పుడు జనం వెతుక్కుంటూ వచ్చేది ఆ పోస్టు దగ్గరికే.